యోగా టీచర్ ఈమెయిల్ లిస్ట్ పెరగాలంటే: ఒక ఉచిత ఆడియో, దానికి తగిన సైన్‌అప్ ఫారం మాటలు

యోగా టీచర్ల వెబ్‌సైట్లలో చాలావాటి అడుగున "మా న్యూస్‌లెటర్‌కు సబ్‌స్క్రైబ్ చేయండి" అనే చిన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. అందులో ఈమెయిల్ ఇచ్చేది ఎక్కువగా ఆ టీచర్‌ను ముందే ఎరిగినవారు. కొత్తగా వచ్చినవారికి ఆ వాక్యంలో ఇప్పటికిప్పుడు అందేది ఏమీ లేదు. పైగా ఇన్‌బాక్స్‌లోకి మరో ఉత్తరం వచ్చి పడుతుందన్న భయం మాత్రం ఉంటుంది. ఆ కొత్తవారికి ఈమెయిల్‌కు బదులుగా వెంటనే అక్కరకొచ్చే వస్తువు ఒకటి ఉచితంగా ఇవ్వడాన్నే లీడ్ మాగ్నెట్ అంటున్నాం. అయితే వస్తువును ఒకరోజు, ఫారం మాటలను మరోరోజు, దేనికది విడిగా తయారుచేస్తే రెండూ అతకవు. వస్తువు ఏ బాధకు పుట్టిందో ఆ బాధే ఫారం శీర్షిక కావాలి, ఆ బాధకు టీచర్ నడిపే క్లాసే తర్వాతి అడుగు కావాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి సాయంత్రం క్లాసు నడిపే ఒక టీచర్‌ను ఉదాహరణగా తీసుకుని, ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

మొదటి మెట్టు: విద్యార్థి చెప్పే మాటను పట్టుకోవడం

ముందుగా ఒక క్లాసును ఎంచుకోండి. మీరు నడిపేవాటిలో ఇంకా కొందరికి చోటున్నది, కొత్తవారు నేరుగా చేరగలిగినది అయి ఉండాలి. గర్భిణులకు, వృద్ధులకు, సాధనలో ముదిరినవారికి కలిపి ఒకే ఉచిత వస్తువు చేయాలనుకుంటే అది ఎవరికీ తనదిగా అనిపించదు.

తర్వాత, ఆ క్లాసుకు వచ్చేవారు మొదటిసారి మిమ్మల్ని సంప్రదించినప్పుడు ఏమని రాశారో పాత సందేశాలు తెరిచి చూడండి. అవి దొరకకపోతే, "మీరు మొదట ఏ ఇబ్బందితో క్లాసు వెతుక్కున్నారు?" అని నలుగురైదుగురిని అడిగి, వారు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. మన ఉదాహరణలోని విద్యార్థులు "సాయంత్రానికి మెడ పట్టేస్తుంది", "భుజాల మీద ఏదో బరువు పెట్టినట్టుంటుంది", "తల తిప్పితే లాగుతుంది" అంటారు. అదే ఇబ్బందిని టీచర్ అయితే "వెన్నెముక కదలిక లోపించడం" అనో, "ప్రాణప్రవాహానికి అవరోధం" అనో రాసే అవకాశం ఉంది. ఆ మాటలు శాస్త్రానికి సరిపోవచ్చు గాని, రాత్రి పడుకోబోతూ ఫోన్‌లో పరిష్కారం వెతుకుతున్న మనిషి మనసులో ఉండవు. ఫారం మీద ఉండవలసింది ఆ మనిషి మాట.

రెండవ మెట్టు: ఇచ్చే వస్తువు రూపం

ఈ సమస్యకు నేను ఆడియోనే ఎంచుకుంటాను. వీడియో అయితే మెడను పక్కకు వంచుతూనే తెరవైపు చూడాల్సి వస్తుంది. సడలించవలసిన కండరాలే మళ్లీ బిగుసుకుంటాయి. ఈ-పుస్తకమైతే దింపుకుని పక్కన పెట్టేవారే ఎక్కువ. ఆడియోకు మరో అనుకూలత ఉంది. యోగా క్లాసులో విద్యార్థి వెంట ఉండేది టీచర్ గొంతు, టీచర్ వేగం. అవి తమకు నచ్చుతాయో లేదో పది నిమిషాల్లో తేల్చుకోగలిగినవారు క్లాసుకు రావడానికి అంతగా తటపటాయించరు. ఆడియోతో పాటు భంగిమల బొమ్మలున్న ఒక్క పేజీ జతచేస్తే, విని అర్థం కానిది చూసి తెలుసుకుంటారు.

తరచుగా వినిపించే మరో రెండు ఆలోచనలను ఇక్కడ పక్కన పెట్టవచ్చు. 30 రోజుల ఛాలెంజ్ వినడానికి ఆకర్షణగా ఉంటుంది, కానీ నాలుగో రోజో ఐదో రోజో ఆగిపోయినవారికి ఆ తర్వాత మీ పేరు ఇన్‌బాక్స్‌లో కనిపించినప్పుడల్లా చేయని పని గుర్తుకొస్తుంది, అందుకే తెరవడం మానేస్తారు. ఫీజులో తగ్గింపు కూపన్ ఇస్తే తగ్గింపు కోసమే వచ్చేవారు లిస్టులో చేరతారు. ఇక మొదటి క్లాసు ఉచితం అనేది మంచి ఆహ్వానమే, కానీ దానికి తేదీ కుదరాలి, కొత్త చోటికి వెళ్లే ధైర్యం కావాలి. అందుకని ఫారం దగ్గర ఇవ్వడం కన్నా, ఆడియో విన్న తర్వాత రాసే ఉత్తరంలో ఇవ్వడం మేలు.

మూడవ మెట్టు: పది నిమిషాలను నింపడం

సాధన ఎంత చిన్నదైనా దానికి మొదలు, నడుమ, ముగింపు ఉండాలి. కుర్చీలో చేసే ఈ సాధనను ఇలా అమర్చవచ్చు. మొదటి నిమిషంలో కుర్చీ ముందు సగంలో కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించి, నాలుగు లెక్కల్లో శ్వాస తీసుకుని ఆరు లెక్కల్లో వదలాలి. తర్వాతి రెండు నిమిషాలు అరచేతులు మోకాళ్ల మీద ఉంచి, శ్వాస తీసుకుంటూ ఛాతీని ముందుకు తెరుస్తూ, వదులుతూ వీపును గుండ్రంగా వెనక్కి నెడుతూ, మార్జాలాసనాన్ని కూర్చునే చేయాలి. నిదానంగా ఎనిమిది ఆవృత్తులు సరిపోతాయి. ఆపై ఒక నిమిషం భుజాలను చెవుల వరకు ఎత్తి వదిలేయడం. తర్వాత రెండు నిమిషాలు మెడకు: కుడి చెవిని కుడి భుజం వైపు వాల్చి ఐదు శ్వాసలు, ఎడమవైపు ఐదు. మరో రెండు నిమిషాలు గరుడాసనంలో చేతులు పెనవేసే విధానం, రెండు వైపులా. పెనవేయలేనివారు తమను తామే కౌగిలించుకున్నట్టు రెండు భుజాలనూ పట్టుకుంటే చాలు. ఒక నిమిషం నడుము దగ్గర నుంచి మెల్లగా పక్కకు తిరగడం, ప్రతి వైపూ మూడు శ్వాసలు. చివరి నిమిషం కళ్లు మూసుకుని ఊరికే కూర్చోవడం.

ఇందులో కావాలనే వదిలేసినవి కొన్ని ఉన్నాయి. మెడను గుండ్రంగా తిప్పడం, తలను పూర్తిగా వెనక్కి వాల్చడం ఎదుటలేని కొత్తవారికి ఆడియోలో చెప్పదగినవి కావు, ఎందుకంటే వారు ఎంత వేగంగా చేస్తున్నారో, ఎక్కడ తల తిరుగుతోందో మీకు కనబడదు. ఆఫీసు కుర్చీలకు చక్రాలుంటాయన్న సంగతి కూడా మరిచిపోకూడదు. "చక్రాలున్న ఆఫీసు కుర్చీ అయితే గోడకు ఆనించుకోండి, లేదా మామూలు కుర్చీకి మారండి" అన్న వాక్యం ఆడియో మొదట్లోనే ఉండాలి. పక్కకు తిరిగేటప్పుడు కుర్చీ చేతిని పట్టి లాక్కుంటూ తిరగవద్దని కూడా చెప్పాలి.

హెచ్చరికను క్లుప్తంగా, స్పష్టంగా చెప్పండి: చేతుల్లోకి దిగే తిమ్మిరి లేదా నొప్పి, ఇటీవలి దెబ్బ, తరచూ తల తిరగడం ఉన్నవారు ముందు డాక్టరును కలవాలి, సాధన మధ్యలో నొప్పి పుడితే అక్కడే ఆపేయాలి. ఇది ఆడియోలోనూ, దాన్ని పంపే ఉత్తరంలోనూ ఉండాలి. అలాగే "మెడనొప్పి నయమవుతుంది" అన్న హామీ ఎక్కడా రాయకూడదు. బిగుతు సడలడం మీ సాధన పరిధిలోనిది, జబ్బు నయం చేయడం కాదు.

రికార్డింగ్‌కు మంచి ఫోన్, పరదాలు, పరుపులు ఉన్న నిశ్శబ్దమైన గది చాలు. వెనుక సంగీతం అక్కరలేదు, పెడితే దాని హక్కుల సమస్య అదనం. రికార్డు చేసేటప్పుడు మీరు కూడా కుర్చీలో కూర్చుని సాధన చేస్తూనే మాట్లాడండి. కాగితం చూసి చదివితే శ్వాసకు విరామం లేకుండా మాటలు పరుగెడతాయి. తర్వాత యోగా తెలియని ఒకరిని కూర్చోబెట్టి ఆడియో వినిపించి, పక్కనుంచి ఊరికే గమనించండి. ఎక్కడ వారు కళ్లు తెరిచి ఫోన్ వైపు చూశారో అక్కడ మీ సూచన అర్థం కాలేదన్నమాట. ఆ చోట్లు మాత్రం మళ్లీ చెప్పి రికార్డు చేయాలి. 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3గా భద్రపరిస్తే పది నిమిషాల ఫైలు సుమారు 5 ఎంబీ ఉంటుంది, ఫోన్‌లో తేలిగ్గా తెరుచుకుంటుంది. దాన్ని ఉత్తరానికి జతచేయకుండా లింకుగా ఇవ్వండి. రేపు దిద్దిన ఫైలు పెట్టినా పాత లింకు పనిచేస్తుంది, ఎంతమంది నొక్కారో కూడా తెలుస్తుంది.

నాలుగవ మెట్టు: ఫారం మాటలు

ఇప్పుడు ఫారం మొత్తాన్ని ఒకసారి చూసి, తర్వాత దాన్ని విడదీద్దాం.

> సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయా?
>
> కుర్చీలో కూర్చునే చేయగలిగిన పది నిమిషాల సాధనను ఆడియోగా పంపుతాను. ఇంతకుముందు యోగా చేయకపోయినా ఫర్వాలేదు. చాప అక్కరలేదు, బట్టలు మార్చుకోనక్కరలేదు.
>
> మీ ఈమెయిల్: [          ]
>
> [ ఆడియో నాకు పంపండి ]
>
> ఈ ఆడియో నా వారపు ఉత్తరాల్లో మొదటిది. ఆ తర్వాత వారానికొకసారి ఒక చిన్న సాధన, క్లాసుల వేళలు పంపుతాను. వద్దనుకుంటే ఏ ఉత్తరం అడుగునైనా ఉన్న లింకు నొక్కి మానేయవచ్చు.

శీర్షిక మొదటి మెట్టులో రాసుకున్న మాటే. దాన్ని "ఆరోగ్యకరమైన జీవనశైలికి స్వాగతం" అని మారిస్తే చదివేవారికి అది తన గురించి అనిపించదు. "సాయంత్రానికి" అన్న ఒక్క పదం తీసేసినా వాక్యం బలహీనపడుతుంది. దీర్ఘకాలపు మెడనొప్పితో చికిత్సలో ఉన్నవారు కూడా అది తమ కోసమే అనుకోవచ్చు, కానీ మీ ఆడియో వారి కోసం చేసింది కాదు.

రెండవ భాగం చేసే పని అనుమానాలు తీర్చడం. ఈమెయిల్ ఇవ్వబోయి ఆగిపోయేవారి మనసులో ఉండేవి చిన్న ప్రశ్నలే: ఎంతసేపు పడుతుంది, నా వల్ల అవుతుందా, ఏమైనా కొనాలా, ఆఫీసులో చేస్తే నలుగురూ చూస్తారా. వాటికి జవాబులు చెప్పాక ఆగిపోవాలి. మీ సర్టిఫికెట్లు, శిక్షణ గంటలు ఫారంలో వద్దు, వాటికి మీ పరిచయ పేజీ ఉంది.

గడి ఒక్కటే ఉండటం నా ఉద్దేశంలో ముఖ్యం. పేరు అడిగితే ఉత్తరంలో పేరుపెట్టి పలకరించవచ్చు, నిజమే; కానీ ఆ పలకరింపు అవసరమైన ఉత్తరాలు మొదట్లో ఉండవు. ఫోన్ నంబరు అడిగితే, ఎవరో కాల్ చేసి క్లాసు అమ్ముతారన్న భయంతో చాలామంది పేజీ మూసేస్తారు. యోగా టీచర్లను బాగా ఊరించే గడి మరొకటి ఉంది: "మీకున్న ఆరోగ్య సమస్యలు". దాన్ని ఫారంలో పెట్టకండి. ఆడియో పంపడానికి ఆ వివరం అవసరం లేదు. యూరప్‌లోని జీడీపీఆర్ వంటి చట్టాలు ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక రక్షణ అవసరమైన వర్గంగా చూస్తాయి. సేకరించిన మరుక్షణం దాన్ని కాపాడే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఎవరైనా క్లాసులో చేరేటప్పుడు ఆ ప్రశ్న తప్పక అడగాలి, అది వేరే సందర్భం.

బటన్ మీది మాట నొక్కేవారి నోట పలికేదిగా ఉండాలి. "సబ్మిట్" అంటే ఏదో దరఖాస్తు పెడుతున్నట్టుంటుంది. "సబ్‌స్క్రైబ్" అంటే తాను ఒప్పుకుంటున్న భారమే కనిపిస్తుంది గాని, అందబోయేది కనిపించదు. "ఆడియో నాకు పంపండి" అన్నప్పుడు నొక్కిన తర్వాత ఏం జరుగుతుందో అందులోనే ఉంది.

బటన్ కింది మూడు వాక్యాలను చాలామంది వదిలేస్తారు, లేదా చదవలేనంత చిన్న అక్షరాల్లో దాచేస్తారు. ఆడియో కోసం ఈమెయిల్ ఇచ్చినవారికి వారంవారం ఉత్తరాలు రావడం మొదలైతే మోసపోయామనిపిస్తుంది, కొందరు స్పామ్ అని గుర్తు పెట్టేస్తారు. ఏమి వస్తుంది, ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఎలా ఆపవచ్చు అన్న మూడూ నొక్కకముందే కనబడాలి. ఉత్తరాలకు ఒప్పుకుంటున్నట్టు విడిగా టిక్ గడి పెట్టదలిస్తే దాన్ని ఖాళీగానే ఉంచండి; ముందే టిక్ పెట్టి ఉంచిన గడి చెల్లుబాటయ్యే సమ్మతి కాదని యూరప్ న్యాయస్థానం 2019లో తీర్పిచ్చింది. మీ విద్యార్థులు ఏ దేశంలో ఉంటే అక్కడి నియమం చూసుకోవాలి గాని, ఖాళీ గడి ఎక్కడైనా న్యాయమైన పద్ధతే.

ఫారం కోడ్ మీరే పెట్టుకుంటున్నట్టయితే ఈ మూడు వరుసలు గమనించండి:

```html
<label for="em">మీ ఈమెయిల్</label>
<input id="em" name="email" type="email" autocomplete="email" required>
<button type="submit">ఆడియో నాకు పంపండి</button>
```

ఇందులో `type="email"` వల్ల ఫోన్‌లో @ గుర్తున్న కీబోర్డు తెరుచుకుంటుంది, `autocomplete` వల్ల భద్రపరిచి ఉన్న చిరునామా దానంతటదే సూచనగా వస్తుంది. "మీ ఈమెయిల్" అన్న మాటను గడి లోపల మసక అక్షరాలుగా మాత్రమే పెడితే, టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది. అందుకే అది గడి పైన ఉండాలి.

ఐదవ మెట్టు: బటన్ నొక్కిన తర్వాత

ఈమెయిల్ ఇచ్చిన వెంటనే లిస్టులో చేర్చకుండా, ముందు ఒక నిర్ధారణ ఉత్తరం పంపి, అందులోని లింకు నొక్కినవారినే చేర్చుకోవడం మంచిది. దీన్ని డబుల్ ఆప్ట్-ఇన్ అంటారు. తప్పుగా టైపు చేసిన చిరునామాలు, ఇతరుల చిరునామాలు, యంత్రాలు నింపిన ఫారాలు అక్కడే ఆగిపోతాయి. దీనివల్ల కొందరు మధ్యలోనే జారిపోతారన్నది నిజమే, ఆ నష్టాన్ని తగ్గించేది మాటలే. బటన్ నొక్కగానే కనిపించే పేజీలో "ధన్యవాదాలు" అని ఊరుకోకుండా ఇలా రాయండి:

> ఇంకొక్క పని మిగిలింది. మీ ఇన్‌బాక్స్‌లో "మీ మెడ, భుజాల ఆడియో" అన్న ఉత్తరం తెరిచి, అందులోని లింకు నొక్కండి. ఆడియో అక్కడే తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లో ఉత్తరం కనిపించకపోతే స్పామ్, ప్రమోషన్స్ ఫోల్డర్లు కూడా చూడండి.

నిర్ధారణ లింకే ఆడియో పేజీకి తీసుకెళ్లేలా అమర్చడం ఇక్కడి కిటుకు. అప్పుడు నిర్ధారించడం విడిగా మరో పనిగా అనిపించదు. ఈ అమరిక చాలా ఈమెయిల్ సేవల్లో ఉంటుంది, నిర్ధారణ తర్వాత తెరుచుకోవలసిన పేజీ చిరునామాను అక్కడ ఇస్తే సరిపోతుంది. నిర్ధారించినవారికి ఆడియో లింకు, బొమ్మల పేజీ, హెచ్చరిక ఉన్న ఉత్తరం ఒకటి వెంటనే వెళ్లాలి, ఎందుకంటే పేజీ మూసేసిన తర్వాత వెతుక్కునేది ఆ ఉత్తరాన్నే. దాని చివర ఒక ప్రశ్న అడగండి: "మీకు ఎక్కువగా పట్టేసేది మెడా, భుజాలా, నడుమా? ఒక్క మాటలో జవాబు రాస్తే చాలు." ఆ జవాబులే మీ తర్వాతి ఉత్తరాలకు సరుకు.

వారం తర్వాత, ఆడియోలో చాలామందికి కష్టమనిపించే గరుడాసనం చేతుల గురించి ఒక చిన్న ఉత్తరం పంపండి. ఆ తర్వాతి ఉత్తరంలో సాయంత్రం క్లాసుకు ఆహ్వానం ఉండాలి, అది కూడా ఆడియోకు కొనసాగింపుగా: "పది నిమిషాల్లో కుర్చీలో చేసినదాన్నే క్లాసులో నేల మీద, వీపు, తుంటి కూడా కలుపుకుని చేస్తాం."

పంపే చిరునామా విషయంలో ఒక జాగ్రత్త ఉంది. జీమెయిల్, యాహూ 2024 నుంచి పెద్ద సంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి డొమైన్ ధ్రువీకరణను, ఒక్క నొక్కుతో మానేసే సౌకర్యాన్ని తప్పనిసరి చేశాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నాయి. చిన్న లిస్టుకు ఈ నియమాలన్నీ అదే తీరులో వర్తించకపోయినా, ఉచిత జీమెయిల్ చిరునామాతో ఈమెయిల్ సేవ ద్వారా పంపితే ఉత్తరాలు స్పామ్‌లో పడే ప్రమాదం ఎక్కువ. మీ సొంత డొమైన్ చిరునామా వాడి, ఉత్తరం మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసేందుకు ఆ సేవ చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వివరాలను డొమైన్ అమరికల్లో చేర్చండి.

ఆరవ మెట్టు: ఎక్కడ ఆగిపోతున్నారో చూడటం

ఫారం చూసినవారు, ఈమెయిల్ ఇచ్చినవారు, నిర్ధారించినవారు, ఆడియో తెరిచినవారు, క్లాసుకు వచ్చినవారు: ఈ ఐదు అంకెలు నెలకోసారి ఒక వరుసలో రాసుకుంటే చాలు. ఉదాహరణకు 300 మంది చూసి 6 మంది ఇచ్చారనుకుందాం. అప్పుడు తప్పు శీర్షికలో ఉండవచ్చు, లేదా ఆ పేజీకి వచ్చేవారికి మెడ పట్టేసే బాధే లేకపోవచ్చు. ధ్యానం గురించి రాసిన పేజీ కింద ఈ ఫారం పెట్టి ఉంటే రెండోదే నిజం. ఫారాన్ని సాయంత్రం క్లాసు పేజీకి, మీ సోషల్ మీడియా ప్రొఫైల్ లింకుకు మార్చి చూడాలి. అదే 300 మందిలో 30 మంది ఇచ్చి 12 మందే నిర్ధారించారంటే ఫారం బాగానే ఉంది, లోపం నిర్ధారణ ఉత్తరం సబ్జెక్ట్ లైన్‌లోనో, అది స్పామ్‌లో పడటంలోనో ఉంది. రెండు మూడు ఈమెయిల్ సేవల్లో మీరే ఖాతాలు తెరిచి ఫారం నింపి చూస్తే ఇది తేలుతుంది.

ఒకసారికి ఒకే మాట మార్చండి, మార్చాక తగినంత మంది చూసేదాకా ఆగండి. ఆరుగురు ఎనిమిది మంది అయ్యారని శీర్షిక గెలిచినట్టు కాదు, అంత చిన్న అంకెలు వాటంతటవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి.

ఆడియో తెరిచి, ఉత్తరాలు కూడా చదువుతూ, క్లాసుకు మాత్రం రానివారు ఎక్కువగా ఉంటే ఫారాన్ని ముట్టుకోకండి. ఆహ్వానం ఉన్న ఉత్తరాన్ని తీసి, అందులో క్లాసు ఎన్ని గంటలకు, ఎంతసేపు, కొత్తవారు మధ్యలో చేరవచ్చా అన్న వివరాలు మొదటి నాలుగు వరుసల్లో ఉన్నాయో లేదో చూడండి. అవి ఉన్నా రాకపోతే, ఉత్తరానికి జవాబిచ్చిన ఇద్దరు ముగ్గురిని "మీకు ఏ వేళ కుదురుతుంది?" అని నేరుగా అడగండి. ఆఫీసు వదిలే సమయానికే మీ క్లాసు మొదలవుతుంటే, మార్చవలసింది ఫారం మాటలను కాదు, క్లాసు వేళను.